పాస్‌బుక్కులో కనపడని వడ్డీ

బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, గడువు తీరాకే అసలూ వడ్డీ కలిపి తీసుకుందామని వదిలేసిన వాళ్లకు ఏడాది పొడవునా దాన్నుంచి ఒక్క రూపాయి కూడా చేతికి రాదు. పొదుపు ఖాతా పాస్‌బుక్కులో ఒక్క ఎంట్రీ కూడా పడదు. బ్యాంకు మాత్రం మూడు నెలలకోసారి వడ్డీ లెక్కకట్టి, పరిమితి దాటితే టీడీఎస్ కోసి, ఆ వివరాన్ని వాళ్ల పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు పంపిస్తూనే ఉంటుంది. ఇంట్లో కూర్చుని పాస్‌బుక్కు చూసి రిటర్ను లెక్కలు వేసుకున్న వాళ్లకు ఈ వడ్డీ తగలనే తగలదు. తరువాత నోటీసు వస్తే, ‘నేనేమీ దాచలేదే’ అంటారు. అది నిజమే. వాళ్లు చూసుకున్న పుస్తకంలో అది లేదు, అంతే.

ఇలాంటివి రిటర్ను వేయకముందే పట్టుకోవడానికి ఒక దారి ఉంది. పన్ను శాఖ మన గురించి సేకరించిన వివరాలన్నీ ఒకచోట చూపే వార్షిక సమాచార నివేదికను, మన సొంత లెక్కలతో వరస వరసగా పోల్చడం. దీన్ని అందరూ ఏఐఎస్ అంటారు. 2021 నవంబరు నుంచి పన్ను శాఖ పోర్టల్లో దొరుకుతోంది. అంతకుముందు నుంచీ ఉన్న 26ఏఎస్ ఇప్పుడు ప్రధానంగా టీడీఎస్, టీసీఎస్ వివరాలకే పరిమితం. ఏఐఎస్ అలా కాదు. పొదుపు ఖాతా వడ్డీ, డిపాజిట్ వడ్డీ, డివిడెండ్లు, షేర్లూ మ్యూచువల్ ఫండ్ల అమ్మకాలు, చివరికి పన్ను శాఖే మనకిచ్చిన రిఫండు మీద వడ్డీ కూడా అందులో ఉంటాయి.

చిక్కల్లా, చాలామంది ఇళ్లకు ఈ నివేదిక ఫొటోగానే చేరుతుంది. పోర్టల్ నుంచి దించుకున్న పీడీఎఫ్ తెరవాలంటే పాన్ నంబరును చిన్న అక్షరాల్లోనూ, వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లోనూ కొట్టాలి. ఆ గొడవెందుకని నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుంటారు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో, ఊళ్లో ఆడిటరుకో వాట్సాప్‌లో పంపుతారు. అవతలి వాళ్లు ఆ బొమ్మను చూసి అంకెలు ఎక్కించుకుంటారు, లేదా ఫొటో నుంచి అక్షరాలు తీసే సదుపాయంతో ఒక్కసారిగా లాగేస్తారు. పోలిక మొదలవక ముందే పొరపాట్లు చేరేది ఇక్కడే. అందుకే ముందు చూడాల్సింది, బొమ్మలోంచి అంకెలు సరిగ్గా వచ్చాయా అన్నది.

అంకెను అంకెతోనే పరీక్షించడం

ఏఐఎస్‌లో ప్రతి ఆదాయానికీ ముందు ఒక తలవరస ఉంటుంది. అందులో TDS-194A, SFT-016(TD) లాంటి ఒక కోడు, దాని వివరణ, సమాచారం ఇచ్చిన సంస్థ పేరు, తరవాత COUNT, AMOUNT అన్న రెండు గడులు ఉంటాయి. దాని కింద విడివిడి వరసలు వస్తాయి. COUNT గడిలో 4 ఉంటే కింద నాలుగు వరసలు ఉండాలి. AMOUNT గడిలోని అంకె ఆ వరసల మొత్తం కావాలి. ఫొటోలో ఒక వరస అంచున తెగిపోయినా, తలవరస ఒక పేజీలోనూ వివరాలు ఇంకో పేజీలోనూ పడి మధ్య పేజీ పంపడం మరిచినా, ఈ రెండు గడులే చెప్పేస్తాయి.

వడ్డీ వరసలకు మూడో పరీక్ష కూడా ఉంది. పాన్ సవ్యంగా ఉన్న వాళ్లకు బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ పది శాతం. అంటే పక్క గడిలోని టీడీఎస్‌ను పదితో హెచ్చిస్తే దాదాపు వడ్డీ అంకె రావాలి. మసక ఫొటోలో 6 కాస్తా 8 లాగా, 3 కాస్తా 8 లాగా, 1 కాస్తా 7 లాగా కనిపించడం మామూలే. ఇలాంటి తప్పు ఒక గడిలో పడితే పక్క గడి పట్టిస్తుంది.

ఫొటో నుంచి అక్షరాలు లాగేవాళ్లు ఇంకో రెండు సంగతులు కూడా చూసుకోవాలి. తలవరసలో ఉన్న మొత్తాన్నీ, కింది వరసలనూ కలిపి కూడేస్తే ఆదాయం రెట్టింపవుతుంది. అలాగే వరస చివర స్టేటస్ గడిలో Active అని ఉన్నవే లెక్కకు తీసుకోవాలి. బ్యాంకు తన లెక్కను సరిచేసి మళ్లీ పంపినప్పుడు పాత వరస Inactive అని మిగిలిపోతుంది. ఆ చిన్న మాట ఫొటో కుడి అంచున ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా ముందు తెగిపోయేది అదే.

తెనాలి పంతులమ్మ గారి లెక్క

ఇదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. మనిషీ అంకెలూ కల్పితం, నిబంధనలు మాత్రం నిజమైనవే. తెనాలిలో ఉండే అరవై ఆరేళ్ల రిటైర్డ్ టీచరు అనుకోండి. 2024-25 ఆర్థిక సంవత్సరం లెక్క. నెలకు 42,000 చొప్పున ఏడాదికి 5,04,000 రూపాయల పెన్షను. మొదటి బ్యాంకులో పన్నెండు లక్షల డిపాజిట్, ఏడు శాతం వడ్డీ, గడువు తీరాకే చెల్లింపు. రెండో బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్, అదే ఏడు శాతం, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడేలా. రెండు బ్యాంకుల్లోనూ పొదుపు ఖాతాలు. ఎప్పుడో కొన్న కొద్దిపాటి షేర్లు. మేడ మీద వాటా అద్దెకిస్తే నెలకు 6,000.

ఆవిడ నోటుబుక్కు పద్ధతైనదే. పెన్షను, రెండో బ్యాంకు డిపాజిట్ వడ్డీ 42,000, పొదుపు ఖాతాల వడ్డీ ఒకదాంట్లో 5,614, ఇంకోదాంట్లో 3,280, అద్దె 72,000 అన్నీ రాసుకున్నారు. అద్దె పక్కన పెడితే వడ్డీల మొత్తం 50,894.

కొడుక్కి ఏఐఎస్ ఫొటోలు అందాయి. మొదటి బ్యాంకు పేరు మీద TDS-194A కోడు, COUNT 4, AMOUNT 86,006 అని ఉంది. నాలుగు వరసలనూ ఫోన్‌తో లాగితే 21,000, 21,331, 21,887, 22,008 వచ్చాయి. కూడితే 86,226. తలవరసతో 220 తేడా. నాలుగు వరసలూ ఉన్నాయి కాబట్టి తెగిపోయిందేమీ లేదు, అంకె తప్పు చదవడమే. టీడీఎస్ గడి చూస్తే 2,100, 2,133, 2,167, 2,201. మూడో వరసలో 2,167ను పదితో హెచ్చిస్తే 21,670. అంటే అక్కడున్నది 21,887 కాదు, 21,667. రెండు ఆర్లు రెండు ఎనిమిదులయ్యాయి. దిద్దితే మొత్తం 86,006 సరిపోయింది. టీడీఎస్ మొత్తం 8,601.

ఇప్పుడు పోలిక. ఈ 86,006 ఆవిడ నోటుబుక్కులో ఎక్కడా లేదు. మొదట్లో చెప్పుకున్న కనపడని వడ్డీ ఇదే. పాస్‌బుక్కులో రాలేదు కాబట్టి ఆదాయం కాదనుకున్నారు. వడ్డీని చేతికొచ్చిన ఏడాదే చూపించే పద్ధతి చట్టంలో లేకపోలేదు. అయితే ఏటా అదే పద్ధతి పాటించాలి, ఆ వడ్డీ మీద కోసిన టీడీఎస్‌ను కూడా అప్పటిదాకా వాడుకోకుండా ముందుకు మోసుకుపోవాలి, గడువు తీరిన ఏడాది వడ్డీ మొత్తం ఒక్కసారే నెత్తిన పడి పై శ్లాబులోకి నెట్టినా భరించాలి. అందుకే చాలామంది ఏ ఏడాది వడ్డీని ఆ ఏడాదే చూపుతారు. రెండు పడవల మీద కాళ్లు మాత్రం కుదరవు. 8,601 రూపాయల టీడీఎస్‌ను రిఫండుగా అడిగి, దానికి మూలమైన 86,006ను రిటర్నులో వదిలేస్తే, కంప్యూటరు మొట్టమొదట పట్టుకునేది ఆ తేడానే.

ఒకే వడ్డీ రెండుసార్లు

ఫొటోల్లో కిందికి వెళితే SFT-016(TD) కోడు కింద మొదటి బ్యాంకు పేరుతో మళ్లీ 86,006 కనిపించింది. ఇది కొత్త వడ్డీ కాదు. బ్యాంకు టీడీఎస్ పత్రంలో ఒకసారి, ఏడాది చివర ఖాతాల వారీగా పంపే ఆర్థిక లావాదేవీల నివేదికలో ఇంకోసారి అదే అంకెను తెలియజేస్తుంది. రెండు దారుల్లో వచ్చిన ఒకే సమాచారం కాబట్టి ఏఐఎస్ రెండిటినీ చూపుతుంది.

అదే కోడు కింద రెండో బ్యాంకు 42,000 కూడా ఉంది. దానికి TDS-194A వరస లేదు. 2024-25లో అరవై దాటిన వాళ్లకు ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే టీడీఎస్ కోయాలి. 42,000 ఆ గీత లోపలే ఉంది. కోత లేనంత మాత్రాన పన్ను లేదని కాదు, ముందుగా పట్టుకోలేదని మాత్రమే. నోటుబుక్కులో అది ఉంది కాబట్టి ఈ వరస సరిపోయింది.

వీటి తరవాత SFT-016(SB) కింద రెండు పొదుపు ఖాతాల వడ్డీ, 5,614, 3,280. సరిపోయాయి. SFT-015 కింద డివిడెండు 3,600. ఇది నోటుబుక్కులో లేదు. పాస్‌బుక్కు తిరగేస్తే 1,800 చొప్పున రెండుసార్లు, అర్థంకాని పొడి అక్షరాల వివరణతో జమ అయి ఉంది. చివర్లో రిఫండు మీద వడ్డీ 388. అంతకుముందు ఏడాది రిటర్ను మీద 2024 నవంబరులో ఆవిడకు 10,088 రూపాయలు వచ్చాయి. అందులో 9,700 ఆవిడ సొమ్మే, తిరిగొచ్చింది, దాని మీద పన్ను లేదు. మిగతా 388, నెలకు అర శాతం చొప్పున ఎనిమిది నెలలకు పన్ను శాఖ ఇచ్చిన వడ్డీ. అది ఆదాయమే. పాస్‌బుక్కులో రెండూ కలిసి ఒకే అంకెగా పడతాయి కాబట్టి విడదీసి చూసేవాళ్లు తక్కువ.

అన్నీ పరిచి చూస్తే వడ్డీ, డివిడెండ్ల లెక్క ఇలా తేలింది.

| ఆదాయం | నోటుబుక్కు | ఏఐఎస్ | రిటర్నులో చూపాల్సింది |
|---|---|---|---|
| మొదటి బ్యాంకు డిపాజిట్ వడ్డీ | లేదు | 86,006 రెండుసార్లు | 86,006 |
| రెండో బ్యాంకు డిపాజిట్ వడ్డీ | 42,000 | 42,000 | 42,000 |
| పొదుపు ఖాతాల వడ్డీ | 8,894 | 8,894 | 8,894 |
| డివిడెండు | లేదు | 3,600 | 3,600 |
| రిఫండు మీద వడ్డీ | లేదు | 388 | 388 |
| మొత్తం | 50,894 | 2,26,894 | 1,40,888 |

నోటుబుక్కునే నమ్మితే 89,994 రూపాయల ఆదాయం తప్పిపోయేది. ఏఐఎస్‌లోని వరసలన్నీ గుడ్డిగా కూడితే 86,006 ఎక్కువ చూపి అనవసరంగా పన్ను కట్టేవారు. అసలు అంకె ఈ రెండిటి మధ్యలో ఉంది. ఏ ఒక్క కాగితమూ దాన్ని నేరుగా చెప్పలేదు. పన్ను శాఖ పోర్టల్లో ఏఐఎస్ పక్కనే ఉండే టీఐఎస్ అనే సారాంశం ఇలాంటి పునరుక్తులను చాలావరకు తీసేసి చూపుతుంది కాబట్టి ఫొటో పంపేవాళ్లు దాన్ని కూడా పంపితే మంచిది. అయినా వరసలు చూడకుండా సారాంశాన్నే నమ్మితే ఏ బ్యాంకు వడ్డీ ఎంతో తెలియదు.

నివేదికలో లేనివి

పోలిక రెండు వైపులా సాగాలి. నివేదికలో ఉన్న ప్రతి వరసకూ మన లెక్కలో జోడీ వెతకడం ఒకటి. మన లెక్కలోని ప్రతి రాబడికీ నివేదికలో జోడీ వెతకడం ఇంకొకటి. రెండో పని చాలామంది చేయరు. ఏఐఎస్‌లో లేకపోతే చూపక్కర్లేదనుకుంటారు.

పంతులమ్మ గారి అద్దె 72,000 ఏఐఎస్‌లో ఎక్కడా లేదు. నెలకు 50,000 దాటిన అద్దెకే మామూలు ఇంటి కిరాయిదారు టీడీఎస్ కోయాలి. 6,000 అద్దె గురించి శాఖకు చెప్పేవాళ్లెవరూ లేరు. అయినా అది ఇంటి ఆస్తి మీద ఆదాయం, రిటర్నులో చూపాల్సిందే. ఆవిడ కట్టిన ఇంటి పన్నును పక్కన పెట్టి చూస్తే, 72,000లో ముప్ఫై శాతం మినహాయింపు పోను 50,400 ఆదాయంగా తేలుతుంది. చేబదులు మీద వచ్చే వడ్డీ, ఇంటి దగ్గర చెప్పే ట్యూషన్ల ఫీజులు లాంటివీ ఇంతే. నివేదిక అనేది ఇతరులు మన గురించి చెప్పిన మాటల జాబితా. చెప్పేవాళ్లు లేని ఆదాయం అందులోకి రాదు.

వడ్డీ ఖాతాలో పడే డిపాజిట్ల విషయంలో ఇంకో చిన్న పొరపాటు జరుగుతుంది. టీడీఎస్ కోత ఉంటే బ్యాంకు 20,000 వడ్డీలో 2,000 పట్టుకుని 18,000 మాత్రమే జమ చేస్తుంది. పాస్‌బుక్కు చూసి 18,000 రాసుకుంటారు. రిటర్నులో చూపాల్సింది 20,000, ఆ 2,000ను కట్టేసిన పన్నుగా చూపాలి. నోటుబుక్కుకూ ఏఐఎస్‌కూ తేడా సరిగ్గా పదో వంతు వస్తే కారణం ఇదేనని వెంటనే అనుమానించాలి.

2025-26 నుంచి మారినది

2025 ఏప్రిల్ నుంచి అరవై దాటిన వాళ్లకు బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ పరిమితి 50,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. మిగతా వాళ్లకు 40,000 నుంచి 50,000. మంచిదే, కోత తగ్గింది. కానీ దీనికో పర్యవసానం ఉంది. మన ఉదాహరణలోని మొదటి బ్యాంకు వడ్డీ ఏడాదికి లక్ష లోపే ఉన్నంతకాలం టీడీఎస్ కోత ఉండదు. కోత లేకపోతే 26ఏఎస్‌లో ఆ వరసే ఉండదు. పాస్‌బుక్కులోనూ ఉండదు. మిగిలేది ఏఐఎస్‌లోని SFT-016(TD) ఒక్కటే. ఇన్నాళ్లూ 26ఏఎస్ ఒక్కటే చూసి రిటర్ను వేసే అలవాటున్న పెద్దవాళ్లకు డిపాజిట్ వడ్డీ జారిపోయే అవకాశం ఇప్పుడు ఎక్కువైంది. పైగా టీడీఎస్‌ను పదితో హెచ్చించి అంకెను పరీక్షించే వీలు కూడా ఈ వరసలకు ఉండదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌తోనే పోల్చుకోవాలి. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు బ్రాంచిలో అడిగితే ఇస్తారు.

ఎప్పటి ఫొటో?

ఏఐఎస్ ఒక రోజు తయారై ఆగిపోయేది కాదు. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ పత్రాలకూ, ఏడాది వడ్డీ వివరాలకూ బ్యాంకుల గడువు మే 31. అందుకే ఏప్రిల్లోనో మేలోనో తీసిన ఫొటోలో చివరి త్రైమాసికం ఉండకపోవచ్చు. మన ఉదాహరణలో అదే జరిగితే COUNT 3, మొత్తం 63,998 అని ఉండేది. లోపల లెక్కంతా చక్కగా సరిపోతుంది, తప్పేమీ కనిపించదు. 22,008 మాత్రం తప్పిపోతుంది. ఫొటో మీద దించుకున్న తేదీ చూడాలి. జూన్ రెండో సగంలో ఒకసారి, రిటర్ను వేసే ముందు ఇంకోసారి కొత్తగా దించి చూసుకోవాలి.

పోల్చి చూశాక మనది కాని అంకె కనిపిస్తే రిటర్నులో దాన్ని వదిలేసి ఊరుకోకూడదు. ఉమ్మడి ఖాతాల్లో ఇది తరచూ ఎదురవుతుంది. డబ్బు భర్తదైనా డిపాజిట్ మీద మొదటి పేరు భార్యదైతే వడ్డీ ఆవిడ పాన్ మీదకే వస్తుంది. పోర్టల్లో ఆ వరస పక్కన అభిప్రాయం తెలిపే సదుపాయం ఉంది. సమాచారం సరైనది, పూర్తిగా సరైనది కాదు, ఇంకొకరి పాన్‌కు చెందినది, ఇంకో వరసలో ఇప్పటికే ఉంది, నాకు సంబంధం లేదు లాంటి వాటిలో ఒకటి ఎంచుకోవచ్చు. అయితే అంకెను నిజంగా మార్చాల్సింది దాన్ని పంపిన బ్యాంకే. కాబట్టి బ్యాంకుకు కూడా రాసి, ఆ ఉత్తరం నకలు దగ్గర పెట్టుకోవాలి.

రిటర్ను వేసేశాక తప్పిపోయిన ఆదాయం బయటపడితే దారులు మూసుకుపోవు, ఖరీదు పెరుగుతుందంతే. 2024-25 ఆదాయానికి సవరించిన రిటర్ను వేసుకోవడానికి 2025 డిసెంబరు 31 దాకా గడువు ఉండేది. దానికి అదనపు పన్ను లేదు, కట్టాల్సిన పన్ను, దాని మీద వడ్డీ కడితే చాలు. ఆ తేదీ దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఒక్కటే మిగులుతుంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మొదటి ఏడాదిలో అయితే పన్నూ వడ్డీల మొత్తం మీద 25 శాతం అదనం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. పైగా ఆ రిటర్నుతో పన్ను పెంచుకోవచ్చే గానీ తగ్గించుకోలేం, రిఫండు అడగలేం. ఒకే వడ్డీని రెండుసార్లు చూపి ఎక్కువ పన్ను కట్టినవాళ్లకు ఆ దారి పనికిరాదు. అలాంటి పొరపాటును సవరించిన రిటర్ను గడువు లోపే సరిదిద్దుకోవాలి.